పోయిన కరెంటుకు సాక్ష్యం ఏదీ?

కొత్త రూల్సు మీ ఫోనుకూ వచ్చే ఉంటాయి. ఒకటో తారీఖు నుంచే అమలు కాబట్టి, పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించిన ఇళ్లలో ఈపాటికి ఒక్క క్లాసైనా "వాడేసినట్టు" లెక్కలోకి పోయి ఉంటుంది. నేను ఆ రూల్సు పెట్టిన కంపెనీలోనే సాయంత్రాలు పదో తరగతి లెక్కలు చెబుతున్నాను. వాళ్ల భాషలో అకడమిక్ మెంటార్‌ని, పిల్లలకు మేడమ్‌ని. ఇకనుంచి కరెంటు పోయినా, నెట్ పోయినా పిల్లలు నాకు మెసేజీ పెడితే చెల్లదట. యాప్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి రుజువులు జతచెయ్యాలి. కరెంటు పుట్టుక గురించి ఇంతవరకూ ఎవరూ కాగితం అడగలేదు గానీ, చావుకు మాత్రం ధ్రువీకరణ పత్రం తప్పనిసరి చేశారు.

రూల్సు రాసినాయన ఎవరో నాకు తెలీదు. ఆయన ఉండే అపార్ట్‌మెంటులో జనరేటరు ఉందని మాత్రం కచ్చితంగా చెప్పగలను.

ఎమర్జెన్సీ రీషెడ్యూల్ కావాలంటే క్లాసుకు కనీసం రెండు గంటల ముందు చెప్పాలట. ఎమర్జెన్సీని రెండు గంటల ముందు! సాయంత్రం ఆరున్నర క్లాసంటే నాలుగున్నరకల్లా ఆ పిల్ల ఆకాశం చూసి, ఫలానా వేపకొమ్మ ఫలానా తీగ మీద ఫలానా టైముకి పడబోతోందని యాప్‌లో నమోదు చెయ్యాలన్నమాట. పంచాంగం రాసేవాళ్లు కూడా అంత తెగువ చెయ్యరు.

ఈ మధ్య నాకొచ్చిన మెసేజీ ఒకటి చూడండి. ఒంగోలుకు అవతల ఒక పల్లెటూరి పిల్ల, పదో తరగతి. క్లాసు ఆరున్నరకి. ఆరు దాటాక వాట్సాప్‌లో ఇది వచ్చింది. "మేడమ్ నమస్తే. గాలివానకి మా ఊళ్లో కరెంటు పోయింది. స్కూలు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెద్ద చప్పుడయ్యింది. లైన్‌మన్ అన్న ఈ రాత్రికి రాదేమో అంటున్నాడు. నాన్న ఫోన్లో ఒక పాయింటే ఉంది. రేపు పొద్దున ఆరింటికి పెడతారా మేడమ్? నీడ పెరిగే లెక్క వరకు చేశాను, అక్కడ ఆగిపోయాను."

ఇంతకంటే బాగా ఎవరు రాయగలరు? ఏం జరిగిందో చెప్పింది. తనకెలా తెలుసో చెప్పింది. ఎప్పుడు కుదురుతుందో అడిగింది. పాఠం ఎక్కడ ఆగిందో గుర్తుచేసింది. ఆ చివరి మాట వల్ల తెల్లారి నేను పుస్తకం తిరగెయ్యక్కర్లేకుండా నేరుగా అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. క్లాసు మార్చమని అడిగే మెసేజీలో మాస్టారికి కావలసింది ఇదే, ఇంతే. "సరేనమ్మా, ఆరింటికి" అని జవాబిచ్చాను. మా ఇద్దరి మధ్యా విషయం అయిపోయింది.

కంపెనీ దగ్గర మాత్రం అప్పుడే మొదలైంది. మొదటి నేరం, మెసేజీ యాప్‌లో రాలేదు. పాపం ఆ పిల్ల యాప్‌లోనూ నొక్కింది. ఒక పాయింటు సిగ్నల్ మీద చిన్న వాట్సాప్ మెసేజీ ఎలాగో పాక్కుంటూ వచ్చింది గానీ, బొమ్మలూ యానిమేషన్లూ నింపుకున్న ఆ యాప్‌లో దరఖాస్తు కదల్లేదు. చక్రం తిరుగుతూనే ఉంది. పంపాననుకుని ఫోను పక్కన పెట్టింది. సిగ్నల్ కాస్త తేరుకుని దరఖాస్తు వాళ్ల సర్వర్ చేరేసరికి ఏడూ ఇరవై. కంపెనీ లెక్కలో పిల్ల అడిగిన టైము అదే, ఆరున్నర క్లాసుకు ఏడూ ఇరవైకి సెలవడిగిన బాధ్యత లేని విద్యార్థిని. ఫలితంగా "సెషన్ వినియోగించబడింది". ఎవరు వినియోగించుకున్నారని అడక్కండి, ఆ సంగతికి వస్తాను.

దరఖాస్తులో ఒక గడి ఉంది. "విద్యుత్ పునరుద్ధరణ అంచనా సమయం". ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. పదిహేను నిమిషాలు, ముప్పై నిమిషాలు, నలభై అయిదు నిమిషాలు, ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి. నాలుగోది లేదు.

కరెంటు ఎలా పోతుందో, ఎలా వస్తుందో ఈ గడి కట్టినాయన ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది. గాలికి కొమ్మ పదకొండు కేవీ తీగకు తగలగానే సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. అక్కడి ఆపరేటరు కాసేపాగి మళ్లీ చార్జ్ చేసి చూస్తాడు. నిలబడితే మన ఇంట్లో లైటు ఒకసారి మిణుక్కుమని వెలుగుతుంది. నిలబడకపోతే మళ్లీ పడిపోతుంది. రెండోసారీ పడిపోయిందంటే లైన్లో ఎక్కడో గట్టి దెబ్బే తగిలిందని అర్థం. ఇక లైన్‌మన్ టార్చిలైటు పట్టుకుని ఫీడరు పొడుగునా స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి. తెగిన జంపరైతే కంటికి కనిపిస్తుంది. ఇన్సులేటర్ లోపల పగిలి ఉంటే కింద నుంచి చూస్తే తెలీదు. అందుకే ఏబీ స్విచ్చులు తెరిచి లైనును ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలో లోపముందో ఒక్కొక్కటే చార్జ్ చేసి పట్టుకుంటారు. దొరికాక సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్సీ తీసుకుంటాడు, అంటే నేను స్తంభం మీద ఉన్నాను, నేను చెప్పేదాకా లైను చార్జ్ చెయ్యొద్దని. ఎర్తింగు వేసుకుని ఎక్కుతాడు, బాగుచేసి దిగుతాడు, ఎల్సీ తిరిగి ఇస్తాడు. అప్పుడు కరెంటు. వానలో ఇదంతా ఎంతసేపని స్తంభం కింద నిలబడ్డ లైన్‌మన్‌ని అడగండి, "చూద్దాం సార్" అంటాడు. అబద్ధం చెప్పడానికి ఆయనకు మనసొప్పదు. పద్నాలుగేళ్ల పిల్ల మాత్రం మూడు గడుల్లో ఒకటి టిక్కు పెట్టాలి.

పైగా ఇక్కడ పోయింది ట్రాన్స్‌ఫార్మరు. విద్యుత్ నియంత్రణ మండలి ఉమ్మడి రాష్ట్రంలో 2004లో పెట్టిన ప్రమాణాల ప్రకారం డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మరు పాడైతే మార్చడానికి పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు గడువు. ఆ గడువు దాటితేనే వినియోగదారుడికి పరిహారం అడిగే హక్కు. లారీలూ, క్రేనులూ, స్టోర్సూ, సిబ్బందీ ఉన్న పంపిణీ సంస్థకు రెండు రోజులు. చేతిలో ఒక పాయింటు సిగ్నల్ తప్ప ఏమీ లేని పిల్లకు నలభై అయిదు నిమిషాలు.

ఇక స్పీడ్ టెస్టు సంగతికి వద్దాం. రూల్సులో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చింది ఇదే.

నెట్ పోయిందని చెప్పాలంటే ఇంటర్నెట్ స్పీడ్ టెస్టు చేసి, దాని స్క్రీన్‌షాటు జతచెయ్యాలి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైము, నెట్ ఇచ్చే కంపెనీ పేరు, డౌన్‌లోడ్ వేగం కనిపించాలి. అంతరాయం మొదలైన పదిహేను నిమిషాల్లో అప్‌లోడ్ చెయ్యాలి. మళ్లీ ఒకసారి చదవండి. నెట్ లేదనడానికి నెట్ మీద పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని నెట్ ద్వారానే పంపాలి.

అసలు నెట్టే లేకపోతే ఆ పరీక్ష మొదలే కాదు. ముందు దగ్గర్లోని ఒక సర్వర్‌ని వెతుక్కోవాలి, దొరక్కపోతే "కనెక్ట్ కాలేకపోతున్నాం" అని చెప్పి ఊరుకుంటుంది. మా విద్యార్థి ఒకడు తెలివిగా ఆ ఎర్రర్ తెరనే ఫొటో తీసి, మర్నాడు నెట్ వచ్చాక పంపాడు. చెల్లదన్నారు. కారణం ఏం రాశారో తెలుసా? "జతచేసిన చిత్రంలో వేగం విలువ కనిపించడం లేదు." అబ్బాయి నెట్ లేదంటున్నాడు, వీళ్లు ఎంత లేదో అంకె వెయ్యమంటున్నారు.

సరే, నెట్ పూర్తిగా పోలేదు, కుంటుతోంది అనుకుందాం. పల్లెల్లో కరెంటు పోయిన సాయంత్రం సరిగ్గా జరిగేది ఇదే. ఇళ్లలో వైఫై పెట్టెలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. టీవీలు ఆగిపోతాయి. ఊరు ఊరంతా మొబైల్ డేటా ఆన్ చేసి ఫోన్లలో మునుగుతుంది. మామూలుగా ఆ వేళకి అంతమందిని మొయ్యని టవరు మీద ఒక్కసారిగా ఇంత బరువు పడుతుంది. టవరుకూ కరెంటు లేదు, బ్యాటరీల మీద నడుస్తోంది. బ్యాటరీలు పాతవైతే, డీజిలు పోసే మనిషి రాకపోతే, కాసేపటికి అదీ కన్నుమూస్తుంది. ఈ లోపల సిగ్నల్ గుర్తు నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గీతలు చెప్పేది టవరు మాట మనకు ఎంత గట్టిగా వినబడుతోందో మాత్రమే, అక్కడ మనకు చోటుందా లేదా అని కాదు.

ఈ స్థితిలో స్పీడ్ టెస్టు చేస్తే ఏమవుతుంది? ఒక్కోసారి మూడో నాలుగో ఎంబీపీఎస్ అని శుభ్రంగా చూపిస్తుంది. ఎందుకంటే ఆ పరీక్ష చూసేది పది పదిహేను సెకన్లలో ఎంత డేటా లాగగలిగాం అన్నదే. క్లాసుకు కావలసింది అది కాదు. వేగం తక్కువైనా సరే, నీళ్లు ధారగా పడాలి. మాట ప్యాకెట్లుగా విరిగి వస్తుంది కదా, వాటిలో కొన్ని దారిలో పోతే, కొన్ని ఆలస్యంగా చేరితే, నేను "టాన్ ముప్పై" అంటే అక్కడ "టా... ప్పై" అని వినిపిస్తుంది. నా బోర్డు మీద గీత సగంలో నిలిచిపోతుంది. ఆ పిల్ల "మేడమ్ వినిపిస్తుందా" అని అడుగుతుంది, ఆ మాట నాకు చేరేలోపు నేను తర్వాతి మెట్టుకి పోయి ఉంటాను. వెళ్లే దారి మరీ అన్యాయం. డౌన్‌లోడ్ నాలుగున్నా అప్‌లోడ్ పాయింటు రెండు కూడా ఉండదు, పిల్ల గొంతు నాకు రానే రాదు. ఇవేవీ కంపెనీ అడిగే అంకెలో కనపడవు. డౌన్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ దాటితే చాలు, "మీ నెట్ సక్రమంగా ఉంది" అని జవాబు. అంటే పరీక్ష చెయ్యలేనివాడికి రుజువు లేదు, చెయ్యగలిగినవాడికి రుజువే ఎదురుతిరుగుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఈ పరీక్ష ఊరికే అవ్వదు, ఒక్కోసారికి పదుల ఎంబీలు మింగుతుంది, వేగం ఎక్కువైతే ఇంకా ఎక్కువ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ ఉన్న ఫోను మీద ఇంట్లో ముగ్గురు బతుకుతారు. గంట వీడియో క్లాసుకే దాదాపు ఒక జీబీ పోతుంది. కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాని మీద వీడియో మాట అటుంచండి, గొంతు కూడా సరిగ్గా రాదు. నెట్ బాగాలేదని నిరూపించడానికి మూడుసార్లు టెస్టు చేసి, నిజంగానే నెట్ లేకుండా చేసుకున్న పిల్లలు నా దగ్గర ఉన్నారు. వాళ్లకు రుజువు దొరికింది. అప్‌లోడ్ చెయ్యడానికి డేటా లేదు.

చీకటి ఇంటి ఫొటో ఫ్లాష్ వెయ్యకుండా తియ్యాలన్న రూలు గురించి నేను మాట్లాడను. నల్లటి చదరాన్ని పరిశీలించే ఉద్యోగం ఎవరికిచ్చారో వారికి నా సానుభూతి. నెలకు రెండు కరెంటు కోతలే అనుమతి అన్న రూలును మాత్రం కరెంటాఫీసు వాళ్లకు పంపిస్తే మంచిది, వాళ్లు పాటిస్తారేమో.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఇప్పుడు డబ్బు లెక్క.

ఆ పల్లెటూరి పిల్ల తండ్రి నెలకు మూడు వేలు కడతాడు, పన్నెండు క్లాసులకి. ఒక క్లాసు రెండు వందల యాభై. అందులో నాకు చెప్పిన క్లాసుకు వచ్చేది నూటపది. క్లాసు "వినియోగించబడింది" అని పడ్డ రోజున పిల్లకు పాఠం లేదు, తండ్రికి డబ్బు వాపసు లేదు. నాకు? పాఠం చెప్పలేదు కాబట్టి నాకూ లేదు. విద్యార్థి రాని క్లాసుకు మెంటార్‌కి చెల్లింపు ఉండదని నా ఒప్పందంలో ఉంది. కంపెనీ వీడియో గది కూడా తెరుచుకోలేదు, దాని సర్వర్ ఖర్చు కూడా మిగిలింది. రెండు వందల యాభై మొత్తం, పైసా పోకుండా ఎవరి జేబులో ఆగిందో మీరే చూసుకోండి. పాఠం జరిగితే నూట నలభై మిగిలేవాళ్లకు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రెండు వందల యాభై మిగులుతోంది. ఏ పంపిణీ సంస్థకూ కరెంటు పోవడంలో ఇంత లాభం లేదు.

ఇది క్రమశిక్షణ కాదు, దోపిడీ. సిగ్గులేని దోపిడీ. కరెంటు లేని ఇంట్లోంచి పిల్ల పంపిన మెసేజీని నమ్మితే ఆ డబ్బు వదులుకోవాలి, అందుకే నమ్మరు. రుజువులు అడిగేది నిజం తేల్చడానికి కాదు, ఇవ్వలేరని తెలిసే. రెండు నెలల కింద ఒక సాయంత్రమంతా వీళ్ల యాప్ పడిపోయింది. అప్పుడు మాకొచ్చింది ఒక్క వాక్యం, "అసౌకర్యానికి చింతిస్తున్నాం". ఏ తల్లీ తండ్రీ వాళ్లను స్క్రీన్‌షాటు అడగలేదు. ఆ సాయంత్రం పోయిన క్లాసులన్నీ కిక్కురుమనకుండా మరో రోజుకి జరుపుకున్నాం, ఎందుకంటే మనుషులు మామూలుగా అలాగే చేస్తారు.

"పిల్లలు అబద్ధాలాడతారు కదా మేడమ్" అన్నాడు ఫోన్లో ఒక కుర్రాడు, కంపెనీ తరఫున. ఆడతారు నాయనా, ఆడకపోతే పిల్లలెలా అవుతారు? స్లిప్ టెస్టు ఉన్న రోజే కరెంటు పోయే ఇళ్లు నాకు బాగా తెలుసు. కానీ పట్టుకోవడానికి స్పీడ్ టెస్టు అక్కర్లేదు. నిజంగా ఇబ్బందిలో ఉన్న పిల్ల మెసేజీలో ఊరుంటుంది, లైన్‌మన్ ఉంటాడు, చప్పుడు ఉంటుంది, ఇంకో టైము అడగడం ఉంటుంది. ఎగ్గొట్టేవాడి మెసేజీలో "నెట్‌వర్క్ ప్రాబ్లం మేడమ్" అన్న మూడు ముక్కలే ఉంటాయి, ఇంకో టైము అడగడు. ఒకే ఊళ్లో నాకు ఇద్దరు విద్యార్థులుంటే, ఒకే ఫీడరు మీద ఒకరికి కరెంటు పోయి ఇంకొకరికి ఉండటం చాలా అరుదు. రెండో పిల్లని "మీ ఊళ్లో వానగా ఉందా అమ్మా" అని మామూలుగా అడిగితే చాలు. వైఫై పోయిందంటే, పెట్టె మీద ఏ లైటు వెలుగుతోందని అడుగుతాను. లైట్లేమీ లేకపోతే కరెంటు సమస్య. ఎల్.ఓ.ఎస్. దగ్గర ఎర్రగా ఉంటే ఫైబరు ఎక్కడో తెగింది. అన్నీ పచ్చగా ఉండి నెట్ రాకపోతే తప్పు కేబుల్ కంపెనీ దగ్గర ఉంది. నిజంగా పెట్టె ముందు నిలబడ్డవాడు రెండు సెకన్లలో చెబుతాడు. మంచం మీద పడుకున్నవాడు "లైట్లా మేడమ్..." అని సాగదీస్తాడు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇంకొకటి ఉంది. మామూలు ఫోన్ కాల్ చేసి, "పర్లేదు నాన్నా, పుస్తకం తెరువు, ఫోన్లోనే చెబుతాను" అంటాను. డేటా కుంటుతున్నా మాట తరచూ వెళ్తుంది. నిజంగా కరెంటు పోయినవాడు కొవ్వొత్తి వెలిగించుకుని కూచుంటాడు. అబద్ధమాడినవాడికి అప్పుడే కడుపునొప్పి మొదలవుతుంది.

ఇన్వర్టరు పెట్టుకోండి అని కూడా సలహా ఇచ్చారు, రూల్సు చివర "తల్లిదండ్రులకు సూచనలు" కింద. ఇన్వర్టరూ బ్యాటరీ కలిపి ఇరవై వేల పైమాటే, మా పిల్ల తండ్రికి అది ఏడు నెలల ట్యూషన్ ఫీజు. పోనీ వైఫై పెట్టెకు మాత్రం సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకున్నారనుకుందాం, ఇంట్లో పెట్టె వెలుగుతుంది, ఊరి కేబుల్ ఆపరేటరు దగ్గరున్న పెట్టె ఆరిపోయి ఉంటే ఏం లాభం? పట్నాల్లో ఇన్వర్టర్లున్న ఇళ్ల సంగతీ చూశాం. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, హైదరాబాద్‌లో స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తెగ్గొట్టుకుంటూ పోయారు. ఆ తీగలు అలా వేలాడటం తప్పే, ఆ పని ఎప్పుడో జరగాల్సిందే. కానీ కాలనీలకు కాలనీలకే నెట్ పోయింది, ఇన్వర్టర్లున్న ఇళ్లకూ పోయింది. అప్పుడు ఈ రూల్సు ఉండి ఉంటే ఆ పిల్లలు ఏ రుజువు జతచేసేవాళ్లు? తెగిన కేబుల్ ముక్క కొరియర్ చెయ్యాలా?

ఆ పల్లెటూరి పిల్ల క్లాసు సంగతి చెప్పాలి కదా. ట్రాన్స్‌ఫార్మరు మర్నాడు కూడా రాలేదు. పొద్దున్నే ఆరింటికి నేనే ఫోన్ చేశాను, వాళ్ల నాన్న ఫోనుకి. లౌడ్‌స్పీకరు పెట్టుకుని పుస్తకం తెరిచింది. వెనకాల కోడి కూస్తోంది. సూర్యుడి ఎత్తు కోణం 60 డిగ్రీలు ఉన్నప్పటి కన్నా 30 డిగ్రీలప్పుడు స్తంభం నీడ 40 మీటర్లు పెరిగింది, స్తంభం ఎత్తెంత? రాత్రి అక్కడే ఆగింది. రెండు నీడలకూ రెండు పేర్లు పెట్టుకుని తికమకపడుతోంది. "పేర్లెందుకమ్మా, ఎత్తును హెచ్ అనుకో, రెండు నీడలూ హెచ్‌లోనే చెప్పు" అన్నాను. కాసేపు పెన్సిల్ గీతల చప్పుడు వినిపించింది. "పెద్దది హెచ్ రూట్ మూడు, చిన్నది హెచ్ బై రూట్ మూడు మేడమ్. తీసేస్తే నలభై." "మరి?" "రెండు హెచ్ బై రూట్ మూడు... ఇరవై రూట్ మూడు మేడమ్!" అని అరిచింది. వాళ్లమ్మ ఎందుకే ఆ అరుపులని కేకేసింది. బొమ్మ లేదు, బోర్డు లేదు, వీడియో లేదు.

యాప్ బయట విద్యార్థికి పాఠం చెబితే మెంటార్‌ని తొలగిస్తామని రూల్సులో పద్నాలుగో అంశం. చెప్పాను. ఇకముందూ చెబుతాను. మా పిల్లలందరికీ నా నంబరు ఇచ్చి, కరెంటు పోతే యాప్‌తో కుస్తీ పట్టకుండా ఒక ఎస్సెమ్మెస్ కొట్టండి, ఊరి పేరూ, ఆగిన లెక్కా, కుదిరే టైమూ రాస్తే చాలని చెప్పాను. తొలగింపు నోటీసు పంపదలుచుకుంటే కంపెనీవాళ్లు నిరభ్యంతరంగా పంపుకోవచ్చు. అయితే రెండు గంటల ముందు చెప్పాలి, తేదీ టైమూ కనపడే స్క్రీన్‌షాటు జతచెయ్యాలి, ఈ నెల జీతం మాత్రం ముందు వెయ్యాలి.